మంచంలోనే అత్తగారికి తలంటు: తల పొడిబారిందని నూనె రాస్తుంటే పొట్టు ఇంకా పెరుగుతోంది

సాగరతీరం_కోడలు (ఆదివారం, ఉదయం 10:20)

సభ్యులందరికీ నమస్కారం. మా అత్తగారి వయస్సు 81 సంవత్సరాలు. తొమ్మిది నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట స్పష్టంగానే ఉంది, జ్ఞాపకశక్తి నాకంటే బాగుంది, కానీ కూర్చోబెడితే ఐదు నిమిషాలలో ఎడమ పక్కకు ఒరిగిపోతారు. మేము ఎంవీపీ కాలనీలో రెండవ అంతస్తులో ఉంటున్నాము. స్నానాల గది ఇరుకుగా ఉండడం వలన చక్రాల కుర్చీ లోపలికి పట్టదు. ఒంటికి రోజూ తడిగుడ్డతో తుడిచి స్నానం చేయిస్తున్నాము కానీ, తలంటు పోసి రెండు నెలలు దాటింది.

దువ్వెన పెడితే చాలు, దిండు మీద పొట్టు రాలుతోంది. తల పొడిబారిందని అనుకొని మూడు వారాలుగా ప్రతి రాత్రి కొబ్బరినూనె పట్టించి అలాగే వదిలేస్తున్నాను. పొట్టు తగ్గకపోగా ఎక్కువైంది, ఆమె కుడి చేత్తో గోకడం కూడా పెరిగింది. దీనికి తోడు, తల వెనుక భాగంలో అరచేయి అంత మేర జుట్టు అట్టకట్టుకుపోయింది. మంచంలోనే ప్రమాదం లేకుండా తలంటు పోయడం ఎలా, ఈ పొడి తలకు ఏ షాంపూ మంచిది అన్న రెండు విషయాలు అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

కురుల_ప్రేమ (ఆదివారం, ఉదయం 10:52)

జుట్టు రాలడానికి ఉల్లిపాయ రసం మంచిదమ్మా. నాకు ప్రసవం తరువాత గుప్పెళ్ళతో ఊడిపోయేది. వారానికి రెండుసార్లు ఉల్లి రసం, గుంటగలగరాకు నూనె పట్టించాక నిలిచింది. మూడు నెలలలో మార్పు కనిపిస్తుంది.

సాగరతీరం_కోడలు (ఆదివారం, ఉదయం 11:05)

ధన్యవాదాలండీ, అయితే మా సమస్య జుట్టు రాలడం కాదు, రాలుతున్నది పొట్టు. పైగా గోకుడు వలన తల మీద చిన్న చిన్న గాట్లు ఉన్నాయి కాబట్టి, ఉల్లి రసం పడితే ఆమె భరించలేరు.

ఉక్కునగరం_విశ్రాంతి (ఆదివారం, ఉదయం 11:40)

మా తల్లిగారికి నాలుగేళ్ళపాటు నేనే తలంటు పోశాను కనుక చెబుతున్నాను. స్నానాల గది ఇరుకైతే హాలులో చేతులు కడుక్కునే సింకు ఉంటుంది కదా, చక్రాల కుర్చీని దానికి వెన్ను పెట్టి నిలిపి, సెలూనులో చేసినట్లుగా తలను వెనక్కి వాల్చి సింకు అంచు మీద ఆనించండి. నీరంతా తిన్నగా తూములోకి పోతుంది, మంచం తడవదు, పావుగంటలో పని పూర్తవుతుంది. ఒక్కరే చేయవద్దు, ఒకరు తల పట్టుకుంటే మరొకరు నీళ్ళు పోయాలి. కుర్చీ చక్రాలకు బ్రేకులు వేయడం మరచిపోకండి.

పెద్దాసుపత్రి_నర్సమ్మ (ఆదివారం, మధ్యాహ్నం 2:15)

నేను పెద్దాసుపత్రి వార్డులలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నదానిని. పైన రాసిన ఉక్కునగరం రావుగారు చెప్పిన మాటలలో ఇద్దరు మనుషులు ఉండాలన్నదీ, బ్రేకులు వేయాలన్నదీ అక్షరాలా నిజం. కానీ ఈ అత్తగారి విషయంలో తలను వెనక్కి విరిచి సింకు అంచు మీద పెట్టడం నేను ఒప్పుకోను.

మెడ వెనుక ఎముకల గుండా రెండు రక్తనాళాలు మెదడు వెనుక భాగానికి వెళతాయి. మెడను బాగా వెనక్కి వంచి, గట్టి అంచు మీద చాలాసేపు ఉంచితే ఆ నాళాలు నొక్కుకుపోవచ్చు, వాటి లోపలి పొర చిరగవచ్చు. 1993లో ఒక అమెరికా నరాల వైద్యుడు, సెలూనులో ఇలా తల కడిగించుకున్న తరువాత పక్షవాత లక్షణాలు వచ్చిన ఐదుగురు స్త్రీల గురించి వైద్య పత్రికలో రాశాడు. ఇది చాలా అరుదుగా జరిగేదే, రావుగారి తల్లిగారికి నాలుగేళ్ళు ఏమీ కాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఒకసారి పక్షవాతం వచ్చి, 81 ఏళ్ళ వయస్సులో మెడ ఎముకలు అరిగి ఉండే మనిషికి ఆ అరుదైన ప్రమాదాన్ని కూడా ఎందుకు తెచ్చిపెట్టాలి? పైగా ఐదు నిమిషాలలో పక్కకు ఒరిగిపోయే మనిషి, తడిసిన కుర్చీలో జారిపోతే పట్టుకోవడం ఇద్దరి వలన కూడా కాదు.

మంచంలో పోసే పద్ధతి చెబుతాను గానీ, అంతకంటే ముందు నాకు కొన్ని సంగతులు కావాలి. ఆ పొట్టు పొడి పిండిలా తెల్లగా రాలుతోందా, లేక పసుపు ఛాయతో, వేలికి జిడ్డుగా అంటుకుంటోందా? కనుబొమలలో, ముక్కు పక్కల, చెవుల వెనుక కూడా ఉందా? చేతులు, కాళ్ళు కూడా పొడిబారి పగిలాయా? పగలు కిటికీ వెలుతురులో చూసి చెప్పండి, రాత్రి ట్యూబులైటు కింద అన్నీ తెల్లగానే కనిపిస్తాయి. అన్నం తినేటప్పుడు ఆమెకు పొలమారుతుందా అన్నది కూడా రాయండి.

సాగరతీరం_కోడలు (ఆదివారం, సాయంత్రం 5:30)

నర్సమ్మగారూ, మీరు చెప్పినట్లే ఆమెను కిటికీ వైపు తిప్పి చూశాను. పొట్టు పసుపు ఛాయలోనే ఉంది. గోటితో తీస్తే మైనంలా వస్తోంది, దాని కింద చర్మం ఎర్రగా ఉంది. చెవుల వెనుక మడతలలో కూడా ఉంది, కుడి కనుబొమలో కొద్దిగా ఉంది. కాళ్ళ చర్మం మాత్రం మామూలుగానే ఉంది. మంచినీళ్ళు తాగేటప్పుడు అప్పుడప్పుడు పొలమారుతుంది, అన్నం మెత్తగా కలిపి పెడితే ఇబ్బంది లేదు.

గాజువాక_అబ్బాయి (ఆదివారం, సాయంత్రం 6:10)

అక్కా, మా నాన్నగారికి అచ్చంగా ఇలాగే ఉండేది. ఆయనకు పార్కిన్సన్ వ్యాధి. కనుబొమలు, ముక్కు పక్కలు, తల అంతా పసుపు పొట్టు. మేము కూడా ఏడాదిపాటు నూనె రాశాము. చివరకు చర్మవ్యాధుల వైద్యురాలు చూసి, ఇది పొడి చర్మం కాదని, పార్కిన్సన్ ఉన్నవారిలో ఇది ఎక్కువగా కనిపిస్తుందని చెప్పారు. ఆవిడ ఇచ్చిన షాంపూతో నెల రోజులలో చాలావరకు పోయింది. కానీ ఆపేస్తే మళ్ళీ వస్తుంది. మా నాన్నగారికి దువ్వెన పెట్టించుకోవడమే ఇష్టం ఉండదు, కోపం వస్తుంది. ఆ సంగతికి మందు ఎవరైనా చెబితే బాగుండును.

పెద్దాసుపత్రి_నర్సమ్మ (ఆదివారం, రాత్రి 8:45)

కోడలమ్మా, నీ వర్ణనను బట్టి అది పొడి తల కాదు, జిడ్డు చుండ్రు లాగా కనిపిస్తోంది. రోగనిర్ణయం మాత్రం వైద్యులే చేయాలి. ఫోనులో నాలుగు ఫోటోలు తీసి చర్మవ్యాధుల వైద్యులకు చూపించు. కానీ నూనె ఎందుకు పనిచేయలేదో ఇప్పుడే చెప్పగలను. మన అందరి తలల మీద ఉండే ఒక రకం బూజు ఈ చుండ్రుకు కారణం, దానికి కొవ్వు పదార్థాలే ఆహారం. మన విశాఖ ఉక్కపోతలో, రోజంతా దిండుకు ఆని ఉండి చెమట ఆరని తలకు ప్రతి రాత్రి నూనె పట్టించి వదిలేస్తే, ఆ బూజుకు విందు పెట్టినట్లే.

నిజంగా పొడిబారిన తల వేరుగా ఉంటుంది. పొట్టు సన్నగా, తెల్లగా, పొడిగా రాలుతుంది. కింద చర్మం ఎర్రగా ఉండదు, బిగుసుకున్నట్లు ఉంటుంది. సాధారణంగా ముంజేతులూ కాళ్ళూ కూడా పొడిబారి ఉంటాయి. అలాంటి తలకు నూనె మేలే చేస్తుంది. మూడో రకం కూడా ఉంది, దానిని ఇళ్ళలో ఎవరూ గుర్తించరు: పడుకోబెట్టి పోసినప్పుడు తల వెనుక భాగం సరిగా కడగకపోతే, మిగిలిపోయిన షాంపూ ఎండి తెల్లటి పొట్టులా రాలుతుంది. తలంటు పోసిన మరునాడే పొట్టు మొదలైతే ముందుగా దానిని అనుమానించాలి.

నూనెను పూర్తిగా మానమనడం లేదు. తలంటుకు అరగంట ముందు కొద్దిగా రాసి, ఆ అంటుకున్న పొరలు మెత్తబడిన తరువాత షాంపూతో కడిగేస్తే అది సాయమే చేస్తుంది. రాసి వదిలేయడమే తప్పు.

ఇక మంచంలో పోసే విధానం. భోజనం అయిన తరువాత కనీసం రెండు గంటలు ఆగాలి. పొలమారే మనిషిని నిండు కడుపుతో చదునుగా పడుకోబెట్టకూడదు. ముక్కు గొట్టం ఉన్నవారికీ, పడుకుంటే ఆయాసం వచ్చే గుండె జబ్బు వారికీ ఈ పద్ధతి పనికిరాదు; వారికి వీపు కింద ఎత్తు ఉంచి, తడిగుడ్డలతోనే శుభ్రం చేయాలి.

ఒక పాత దుప్పటిని పొడవుగా, గట్టిగా చుట్టి గుర్రపు లాడం ఆకారంలో మంచం అంచున పెట్టు. దాని మీద రెండు మూరల వెడల్పు ఉండే దళసరి ప్లాస్టిక్ షీటు పరచు. మూడు వైపులా గట్టు ఏర్పడుతుంది, నాలుగో వైపు మంచం అంచు మీదుగా కిందనున్న బకెట్టులోకి కాలువలా జారాలి. అత్తగారిని మంచం మీద ఏటవాలుగా జరిపితే తల ఈ తొట్టిలోకి వస్తుంది, కాళ్ళు ఎదుటి మూలకు పోతాయి. భుజాల కింద పలుచని దిండు, మెడ కింద చుట్టిన తువ్వాలు ఉండాలి. గడ్డం పైకప్పు వైపు లేచిపోకుండా, ముఖం నిటారుగా పైకి చూస్తూ ఉంటే మెడ సరిగా ఉన్నట్లు. పడిపోయిన ఎడమ చేయి వేలాడకుండా పొట్ట మీద దిండు వేసి దాని మీద ఉంచు. ఆ భుజం తేలికగా కీలు తప్పుతుంది.

నీళ్ళు నీ మణికట్టు లోపలి వైపు పోసుకొని చూడాలి. వెచ్చగా అనిపించాలి గానీ వేడిగా అనిపించకూడదు. ఆమెను అడిగి సరిచూడదలిస్తే కుడి వైపు పోసి అడుగు, ఎందుకంటే పక్షవాతం వచ్చిన వైపు స్పర్శ కూడా తగ్గి ఉంటే కాలినా ఆమెకు తెలియదు. కళ్ళ మీద పొడి గుడ్డ మడత, చెవులలో పైపైన దూది చాలు. ఫ్యాను ఆపివేయి. చెంబుతో గుమ్మరించకుండా, మగ్గు అంచును తలకు ఆనించి నుదురు నుంచి వెనక్కి సన్నగా పోయాలి. చదునుగా పడుకొని ఉండే సమయం పదిహేను నిమిషాలు దాటకుండా అన్నీ ముందే దగ్గర పెట్టుకో.

ఉక్కునగరం_విశ్రాంతి (ఆదివారం, రాత్రి 9:30)

నర్సమ్మగారు చెప్పిన రక్తనాళాల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. మా తల్లిగారు మూడవ ఏట నుంచి తల కడిగిన రోజున కళ్ళు తిరుగుతున్నాయని అంటుండేవారు. నీరసం వలన అని అనుకున్నాము. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో ఇప్పుడు చెప్పలేము. ప్లాస్టిక్ షీటు గురించి ఒక మాట: పూర్ణా మార్కెట్టులో టార్పాలిన్ అమ్మే దుకాణాలలో కొలత చెబితే కోసి ఇస్తారు. గాలి ఊదే తొట్టెలు కావాలంటే పెద్దాసుపత్రి ఎదుట సర్జికల్ దుకాణాలలో అడగండి.

భీమిలి_మనవరాలు (సోమవారం, ఉదయం 7:15)

షాంపూల గురించి వైద్యులు ఏమైనా చెప్పనివ్వండి, మా అమ్మమ్మకు 90 ఏళ్ళ వరకు కుంకుడుకాయ రసంతోనే తలంటు పోశాము, ఒక్క పొట్టు రేణువు లేదు. అందులో రసాయనాలు ఉండవు. తలంటు తరువాత సాంబ్రాణి ధూపం వేస్తే జుట్టు ఆరడమే కాదు, చెమట వాసన కూడా పోతుంది. సున్నితమైనది కావాలంటే ఇంతకంటే ఏముంది?

మర్రిపాలెం_మందులషాపు (సోమవారం, మధ్యాహ్నం 1:40)

మందుల దుకాణం నడుపుతున్నాను కాబట్టి నా మాటను అమ్మకందారు మాటగా తీసుకున్నా బాధ లేదు. కుంకుడుకాయలో నురగ పుట్టించే గుణమే సబ్బుగా పనిచేస్తుంది. అది మీ అమ్మమ్మగారికి పడి ఉండవచ్చు, కాదనను. అయితే కూర్చొని తల వంచి పోయించుకునే మనిషికీ, వెల్లకిలా పడుకున్న మనిషికీ తేడా ఉంది. పడుకున్నవారికి నురగ కంటి మూలలోకి పారుతుంది. కుంకుడు రసం కంట్లో పడితే వచ్చే మంట చిన్నప్పుడు మనందరమూ అనుభవించినదే. వృద్ధుల కళ్ళలో తడి తక్కువ కాబట్టి కంటి పైపొర సులువుగా దెబ్బతింటుంది. శీకాయ పొడిలోని నలుసులు పడుకోబెట్టి కడిగితే పోవు, గాట్లు ఉన్న తల మీద అవి గరుకు కాగితంలా రాపిడి చేస్తాయి.

ఒంటి సబ్బు కూడా వద్దు. దానికి క్షారగుణం ఎక్కువ, బోరు నీటిలోని ఉప్పులతో కలిసి తెల్లటి జిగురుగా తల మీద మిగిలిపోతుంది. మా దుకాణానికి వచ్చేవారిలో అపార్టుమెంటు బోరు నీరు వాడేవారే ఈ ఫిర్యాదుతో ఎక్కువగా వస్తారు. చివరి రెండు మగ్గులైనా మంచినీటితో పోయగలిగితే మేలు.

పొడి తలకైతే సువాసన, రంగు లేని, సల్ఫేటు లేని తేలికపాటి షాంపూ చాలు. పసిపిల్లల షాంపూ కళ్ళకు మంట పెట్టదు కాబట్టి మంచిదే గానీ, మూడు వారాల కొబ్బరినూనె దానితో ఒక్కసారిలో పోతుందని నేను నమ్మను. ఏ షాంపూ అయినా సీసా నుంచి నేరుగా తల మీద వేయకండి. ఒక చెంచా షాంపూను అర మగ్గు నీటిలో కలిపి పోస్తే అంతటా పరుచుకుంటుంది, కడగడానికి నీరు కూడా తక్కువ పడుతుంది. జిడ్డు చుండ్రుకు సాధారణంగా వైద్యులు 2 శాతం కీటోకొనజోల్ షాంపూ రాస్తారు. దానిని తల మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి, వారానికి రెండుసార్లు చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి. రుద్దిన వెంటనే కడిగేసి, పనిచేయలేదని సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టేవారే ఎక్కువ.

పెద్దాసుపత్రి_నర్సమ్మ (సోమవారం, సాయంత్రం 4:05)

మనవరాలమ్మ రాసిన సాంబ్రాణి విషయంలో ఒక్క హెచ్చరిక. ఈ చర్చ చదివేవారిలో ఎవరి ఇంటిలోనైనా ఆక్సిజన్ యంత్రం గానీ సిలిండరు గానీ నడుస్తుంటే, ఆ గదిలోకి నిప్పు కుంపటి తీసుకురాకూడదు, జుట్టు ఆరబెట్టే యంత్రం కూడా వాడకూడదు. ఆక్సిజన్ నిండిన బట్ట, నూనె పట్టిన జుట్టు క్షణంలో అంటుకుంటాయి. ఆయాసం ఉన్నవారికి పొగ ఎలాగూ పనికిరాదు. పొడి తువ్వాలుతో అద్ది, మరో పొడి తువ్వాలు దిండు మీద పరచి జుట్టును విడదీసి ఉంచితే మన వేడికి గంటలో ఆరిపోతుంది.

అట్టకట్టిన జుట్టు గురించి: దానిని విడదీయకుండా తడపవద్దు. తడిసి, నురగతో రుద్దితే అది ఉన్నిలా గట్టిపడుతుంది, అప్పుడు కత్తెర తప్ప దారి ఉండదు. పొడిగా ఉన్నప్పుడే కొద్దిగా కొబ్బరినూనె గానీ కండిషనరు గానీ రాసి, చివరల నుంచి మొదలుపెట్టి వేళ్ళతో పాయలు పాయలుగా పైకి రావాలి. కుదురు దగ్గర ఒక చేత్తో పట్టుకుంటే లాగుడు తలకు తగలదు. రోజుకు పది నిమిషాలు, అంతకు మించితే ఆమెకూ విసుగే. ఆముదం వద్దు, దాని జిగట వలన చిక్కు మరింత బిగుస్తుంది.

ఆ అట్ట కింద చర్మాన్ని తప్పక చూడు. తల వెనుక ఎముక దిండుకు ఆనే చోట కూడా పడక పుండు వస్తుంది, జుట్టు చాటున ఎవరికీ కనిపించదు. ఎర్రగా ఉంటే వేలితో నొక్కి వదులు. రంగు పోయి మళ్ళీ వస్తే ఫరవాలేదు. నొక్కినా పోకపోయినా, చామనఛాయ చర్మంలో ఎరుపు తెలియకుండా ఆ చోటు చుట్టుపక్కలకంటే నల్లగా, వేడిగా, గట్టిగా ఉన్నా, ఆ చోటికి దిండు తగలకుండా పక్కకు తిప్పి ఉంచి వైద్యులకు చెప్పాలి.

గాజువాక_అబ్బాయి (సోమవారం, రాత్రి 9:00)

పడక పుండు తలకు కూడా వస్తుందని ఇప్పుడే తెలిసింది. మా నాన్నగారికి మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి దిండు తల కింద పెట్టాము. అది మంచిదేనా?

పెద్దాసుపత్రి_నర్సమ్మ (సోమవారం, రాత్రి 9:20)

తీసివేయి నాయనా. ఒకప్పుడు మేమూ పెట్టేవాళ్ళం. ఆ రంధ్రం చుట్టూ ఉన్న అంచు చర్మాన్ని వలయంగా నొక్కి, మధ్యలో రక్తప్రసరణను తగ్గిస్తుందని తరువాత మాన్పించారు. మెత్తని మామూలు దిండు పెట్టి, రెండు గంటలకొకసారి తలను ఒక పక్క నుంచి మరొక పక్కకు తిప్పండి.

సాగరతీరం_కోడలు (తరువాతి ఆదివారం, మధ్యాహ్నం 3:30)

జరిగినది జరిగినట్లు రాస్తున్నాను. బుధవారం వైద్యులు ఫోటోలు చూసి, నర్సమ్మగారు అనుమానించినదే అని చెప్పి, 2 శాతం కీటోకొనజోల్ షాంపూ రాశారు. నాలుగు రోజులపాటు రోజూ పది నిమిషాలు చిక్కు తీశాను. అరచేయి అంత ఉన్న అట్ట రెండు వేళ్ళ వెడల్పుకు తగ్గింది. దాని కింద చర్మం ఎర్రగా ఉంది గానీ, నొక్కితే రంగు పోయి తిరిగి వస్తోంది.

ఈ ఉదయం తొమ్మిది గంటలకు, టిఫిను పెట్టకముందే, నేనూ మా వారూ కలిసి తలంటు పోశాము. మొదటి తప్పు నాదే. ప్లాస్టిక్ షీటు కొసను బకెట్టులోకి వదిలాను కానీ, పరుపు మధ్యలో గుంటపడి ఉండడం వలన నీరు బకెట్టు వైపు కాకుండా ఆమె భుజాల వైపుకు పారింది. సగంలో ఆపి, భుజాల కింద మరో దిండు చేర్చి ఆ వైపు ఎత్తు పెంచితే గానీ కాలువ సరిగా పారలేదు. దీనితో మెడ కింది తువ్వాలు తడిసి జారిపోయింది, గడ్డం పైకి లేచింది. ఆమే "మెడ లాగుతోందే" అని చెప్పారు. వెంటనే పొడి తువ్వాలు మార్చాము. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

షాంపూను ఐదు నిమిషాలు ఉంచమని రాశారు కదా, ఆ ఐదు నిమిషాలు మాకు ఐదు గంటలుగా గడిచాయి. నురగ నుదుటి మీదికి రాకుండా మా వారు గుడ్డ అదిమి పట్టుకుంటే, అత్తగారు తన పెళ్ళిలో సింహాచలం కొండ మెట్లు ఎక్కిన సంగతి మొత్తం చెప్పారు. దాదాపు ఆరు లీటర్ల నీరు వాడాము. ఆరిన తరువాత వేళ్ళతో వెనుక భాగం తడిమితే జారుడుగా తగిలింది, అంటే షాంపూ పూర్తిగా పోలేదన్నమాట. పక్కకు తిప్పి, తడిగుడ్డతో నాలుగుసార్లు తుడిచాను.

పెద్దాసుపత్రి_నర్సమ్మ (అదే ఆదివారం, సాయంత్రం 6:00)

తల్లీ, వార్డులో కొత్తగా చేరిన పిల్లలు మొదటిసారి పరుపు మొత్తం తడుపుతారు, నువ్వు భుజాల దగ్గరే ఆపావు. కడిగేటప్పుడు ఒకరు రెండు అరచేతులతో తలను మోస్తూ మొదట కుడికి, తరువాత ఎడమకు కొద్దిగా తిప్పితే, రెండవవారు వెనుక భాగంలో నీళ్ళు పోయగలుగుతారు. వేళ్ళ మధ్య జుట్టు కిర్రుమనే వరకు పోయాలి. మందు షాంపూను ఐదు నిమిషాలు ఉంచేటప్పుడు చదునుగా ఉండవలసిన అవసరం లేదు. తువ్వాలు చుట్టి, వీపు కింద దిండ్లు పెట్టి కొద్దిగా లేపి ఉంచవచ్చు. అప్పుడు మెడకూ విశ్రాంతి, పొలమారే భయమూ ఉండదు.

భీమిలి_మనవరాలు (అదే ఆదివారం, రాత్రి 8:10)

పొట్టు తగ్గిన తరువాతైనా కుంకుడుకాయకు మారవచ్చునా? కళ్ళకు గుడ్డ కట్టి, పలుచగా కలిపి పోస్తే తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఇంకొక మాట, అంత పొడవు జుట్టు ఎందుకు? భుజాల వరకు కత్తిరిస్తే మీకూ ఆమెకూ సుఖం కదా.

మర్రిపాలెం_మందులషాపు (అదే ఆదివారం, రాత్రి 8:45)

కుంకుడు విషయంలో మీరూ నేనూ ఏకీభవించడం కష్టం. నా మాట ఒక్కటే: మంచంలో పోసేటప్పుడు నేను మా అమ్మగారికి వాడను. జుట్టు విషయంలో మాత్రం మీ పక్షమే.

సాగరతీరం_కోడలు (నాలుగవ వారం, ఆదివారం, ఉదయం 11:15)

ఆలస్యానికి మన్నించండి. వైద్యులు చెప్పినట్లు మూడు వారాలలో ఆరుసార్లు మందు షాంపూతో పోశాము. రెండవ వారం చివరకు గోకుడు తగ్గింది. ఇప్పుడు చెవుల వెనుక, తల మీద పసుపు పొర లేదు. కనుబొమలో కొద్దిగా మిగిలింది, దానికి వైద్యులు వేరుగా పూత ఇచ్చారు. మందు షాంపూను ఇక వారానికొకసారికి తగ్గించి, ఆ తరువాత రెండు వారాలకొకసారి వాడమన్నారు. మధ్యలో అవసరమైతే సువాసన లేని తేలికపాటి షాంపూ నీటిలో కలిపి పోస్తున్నాను. రాత్రి నూనె పూర్తిగా మానేశాము. పక్కింటివారు దీనిని ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు, తల ఎండిపోతుందని ప్రతి రోజూ గుర్తుచేస్తున్నారు.

జుట్టు సంగతి. రెండు వేళ్ళ వెడల్పు అట్ట ఎంత ప్రయత్నించినా విడలేదు. అత్తగారికి అద్దంలో చూపించి, ఆ ముద్ద ఒక్కటే కోస్తానని, మిగిలిన జుట్టు ముట్టనని చెప్పాను. రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. కత్తెరకూ చర్మానికీ మధ్య దువ్వెన అడ్డుపెట్టి కోశాము. మిగిలిన జుట్టును తల వెనుక కాకుండా పైభాగాన, కుడి చెవికి ఎగువగా వదులుగా జడ వేస్తున్నాను, అప్పుడు దిండుకు ఆనదు. భుజాల వరకు కత్తిరించమన్న సలహాను కూడా ఆమె ముందు పెట్టాను. "నేను పోయాక మీ ఇష్టం" అన్నారు, ఇక ఆ మాట ఎత్తలేదు.

గాజువాక తమ్ముడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు కానీ, మా అత్తగారు దువ్వెనను ముందుగా తన కుడి చేతికి ఇచ్చి ముందు భాగం తానే దువ్వుకోనిస్తే, తరువాత వెనుక భాగం దువ్వడానికి అభ్యంతరం చెప్పడం లేదు. మీ నాన్నగారి చేతులు ఎంతవరకు సహకరిస్తాయో తెలియదు.

గాజువాక_అబ్బాయి (నాలుగవ వారం, ఆదివారం, మధ్యాహ్నం 12:40)

ఆయన చేతులు వణుకుతాయి అక్కా, అయినా రేపు ఇచ్చి చూస్తాను. గుండ్రటి దిండు తీసేశాము.